కొత్త రీయింబర్స్‌మెంట్ పాలసీ గురించి ఆఫీసులో అందరికీ మెయిల్ రాయాలా? లిమిట్, బిల్లు, గడువు తేడా రాకుండా రాసే పద్ధతి

కొన్నేళ్ల కింద ఒక ఆఫీసులో ఫైనాన్స్ టీమ్‌లో ఉన్నప్పుడు, కొత్త ఖర్చుల పాలసీ గురించి అందరికీ మెయిల్ రాసే పని నా మీద పడింది. రెండు రోజులు కూర్చుని రాశాను, పైవాళ్లు చదివి బాగుందన్నారు, పంపేశాను. అందులో ఒక వాక్యం ఇది: "బిల్లులు 30 రోజుల్లోగా సమర్పించాలి." మధ్యాహ్నానికల్లా ఒకే ప్రశ్న నాలుగు రకాలుగా వచ్చింది. 30 రోజులంటే ఎప్పటినుంచి లెక్క? ఖర్చు పెట్టిన రోజు నుంచా, ప్రయాణం ముగిసిన రోజు నుంచా, బిల్లు మీదున్న తేదీ నుంచా, నెలాఖరు నుంచా? నిజం చెప్పాలంటే నాకూ తెలియదు, ఎందుకంటే పాలసీ రాసినవాళ్లు కూడా అంతదూరం ఆలోచించలేదు.

అప్పటినుంచి నేను ఈ పని చేసే పద్ధతి మారింది. పాలసీ డాక్యుమెంట్ వేరు, ప్రకటన వేరు. డాక్యుమెంట్ తగాదా వచ్చినప్పుడు తెరిచి చూసుకోవడానికి. ప్రకటన మాత్రం చేతిలో బిల్లు పట్టుకుని "ఇందులో నాకు ఎంత వస్తుంది, ఏం జత చేయాలి, ఎప్పటిలోగా పెట్టాలి" అని అడిగే మనిషి కోసం. ఆ మూడు ప్రశ్నలకి మెయిల్‌లోనే జవాబు దొరకాలి.

రాయడం మొదలుపెట్టే ముందు: పాత బిల్లులు తీసి పక్కన పెట్టుకోండి

పాలసీ చదివి దాన్ని కుదించి మెయిల్ చేద్దామనుకుంటే, పాలసీలో ఉన్న అస్పష్టత అంతా మెయిల్‌లోకి దిగుతుంది. దానికి బదులు గత రెండు మూడు నెలల్లో వచ్చిన నిజమైన క్లెయిమ్‌లు ఓ పది తీసుకోండి, పేర్లు కొట్టేసి. ఒక్కొక్కటి కొత్త పాలసీ ప్రకారం పాస్ చేసి చూడండి. ఎక్కడ చెయ్యి ఆగుతుందో, "దీనికేం చేయాలి?" అని ఎక్కడ అనిపిస్తుందో అది రాసుకోండి. ఆ జాబితా పట్టుకుని పాలసీ తయారుచేసినవాళ్ల దగ్గరికి వెళ్లి జవాబులు తెచ్చుకున్నాకే మెయిల్ మొదలుపెట్టాలి. ఈ పని విసుగ్గానే ఉంటుంది కానీ, పంపాక పక్క సీటు నుంచి, లిఫ్టులో, ఫోన్లో ఇవే ప్రశ్నలకి జవాబు చెప్పడం ఇంకా విసుగు.

నేను ఒక ఉదాహరణ పట్టుకుని చెప్తాను. ఇక్కడి అంకెలు, తేదీలు లెక్క అర్థం కావడానికి పెట్టినవే, మీ ఆఫీసువి మీరు వేసుకోండి. కొత్త పాలసీ జులై 1 నుంచి అమలు. హోటల్‌కి రాత్రికి 4,000, భోజనానికి రోజుకు 800, గడువు 30 రోజులు. పాలసీలో ఉన్నది ఇంతే అనుకుందాం.

లిమిట్: అంకె ఒక్కటే రాస్తే సగమే చెప్పినట్టు

"భోజనానికి రోజుకు 800" అనగానే మనకి అర్థమైనట్టే ఉంటుంది. కానీ దీన్ని ఒకరు "రోజుకు 800 ఇస్తారు" అని చదువుతారు, ఇంకొకరు "800 దాకా బిల్లు పెట్టుకోవచ్చు" అని చదువుతారు. రెండూ వేరు. మొదటిదైతే 500 తిన్నవాడికీ 800 వస్తుంది, బిల్లు అక్కర్లేదు. రెండోదైతే 500 తింటే 500 మాత్రమే, దానికీ బిల్లు ఉండాలి. కాబట్టి మొట్టమొదట తేల్చాల్సింది ఇది: ఇది స్థిరంగా ఇచ్చే అలవెన్సా, లేక నిజంగా అయిన ఖర్చుకి గరిష్ఠ పరిమితా? పరిమితి అయితే "అయిన ఖర్చు, రోజుకు 800 మించకుండా" అని రాయండి.

తర్వాతది, లిమిట్ దాటితే ఏమవుతుంది? ఒకతను మొదటి రోజు 500, రెండో రోజు 1,000 ఖర్చు పెట్టాడనుకోండి. ఏ రోజు లెక్క ఆ రోజుదే అయితే అతనికి వచ్చేది 500, 800 కలిపి 1,300. రెండు రోజులకి కలిపి 1,600 అని లెక్కేస్తే మొత్తం 1,500 వచ్చేస్తుంది. లిమిట్ దాటిన బిల్లుని పూర్తిగా తిప్పి పంపే ఆఫీసులు కూడా ఉన్నాయి, అప్పుడు అతనికి దక్కేది 500. ఒకే అంకె, మూడు జవాబులు! ఏది మీ పద్ధతో ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: "లిమిట్ ఏ రోజుకి ఆ రోజే, మిగిలింది మరుసటి రోజుకి కలవదు. దాటితే లిమిట్ వరకు ఇస్తాం, పైది మీరే పెట్టుకోవాలి."

హోటల్ దగ్గర ఎక్కువమంది దెబ్బతినేది పన్ను వల్ల. గది అద్దె 3,800 చూసి, 4,000 లోపే కదా అని బుక్ చేస్తారు. దాని మీద పన్ను 380 పడి బిల్లు 4,180 అవుతుంది. లిమిట్‌లో పన్ను కలిసే ఉంటే రాత్రికి 180 జేబులోంచి పోతుంది, నాలుగు రాత్రులుంటే 720. అది పెద్ద మొత్తమా చిన్నదా అని కాదు, ముందే తెలిసి ఉంటే ఆ మనిషి ఇంకో గది చూసుకునేవాడు కదా, గొడవ అక్కడ వస్తుంది. "పన్నులతో కలిపి" లేదా "పన్నులు కాకుండా" అనే రెండు మాటలు అంకె పక్కనే ఉండాలి, కింద నోట్‌లో కాదు.

ఇక లిమిట్ దాటక తప్పని సందర్భాలు ఉంటాయి. వాటికి అనుమతి ఎవరిస్తారు, ముందే తీసుకోవాలా తర్వాతైనా ఫర్వాలేదా అన్నది రాయండి. "ప్రత్యేక సందర్భాల్లో సడలింపు ఉంటుంది" అని మాత్రం రాయకండి. అలా రాస్తే ఎవరి సందర్భం వాళ్లకి ప్రత్యేకమే.

ప్రూఫ్: "తగిన బిల్లులు" అంటే ఏం తగినవి?

బిల్లు అనే మాట అందరికీ తెలుసు కాబట్టి వివరించక్కర్లేదు అనుకుంటాం. ఫైనాన్స్‌లో కూర్చున్నవాళ్లని అడగండి, తిప్పి పంపిన క్లెయిమ్‌లలో ఏం జతచేశారో చెప్తారు. కార్డు గీకినప్పుడు వచ్చిన చిన్న స్లిప్పు, బుకింగ్ ఖరారైందని వచ్చిన మెయిల్, ఫోన్‌లో డబ్బు పంపిన స్క్రీన్‌షాట్. వీటిని పెట్టినవాళ్లు మోసం చేయాలని పెట్టలేదు, అదే బిల్లు అనుకున్నారు.

అందుకని ఏం కావాలో చెప్పడంతో పాటు ఎందుకో కూడా ఒక ముక్క చెప్పండి. ఫైనాన్స్‌కి రెండు విషయాలు తెలియాలి: దేనికి ఖర్చయింది, ఆ డబ్బు నిజంగా చెల్లించారా. కార్డు స్లిప్పులో డబ్బు కట్టినట్టు ఉంటుంది, దేనికో ఉండదు. బుకింగ్ మెయిల్‌లో దేనికో ఉంటుంది, కానీ తర్వాత రద్దు చేసుకున్నారో, మొత్తం మారిందో తెలియదు. ఈ కారణం ఒకసారి అర్థమైతే, మీ జాబితాలో లేని కొత్తరకం కాగితం చేతికొచ్చినా అది చెల్లుతుందో లేదో ఆ మనిషే చెప్పగలడు.

కాబట్టి మెయిల్‌లో ఇలా ఉంటే చాలు: బిల్లు మీద అమ్మినవాళ్ల పేరు, తేదీ, కొన్నవాటి వివరం, మొత్తం, చెల్లించినట్టు గుర్తు కనిపించాలి. చెల్లించినట్టు బిల్లు మీద లేకపోతే దానికి తోడు కార్డు స్లిప్పో, చెల్లింపు స్క్రీన్‌షాటో పెట్టాలి. హోటల్‌కైతే గది ఖాళీ చేసేటప్పుడు ఇచ్చే చివరి బిల్లు.

చిన్న బిల్లు ప్రింటర్ల నుంచి వచ్చే కాగితం వేడికి రంగు మారే రకం, పర్సులో కొన్ని వారాలుంటే అక్షరాలు వెలిసిపోవచ్చు. అందుకే "బిల్లు తీసుకున్న రోజే ఫోటో తీసుకోండి, నాలుగు అంచులూ కనిపించేలా" అనే వాక్యం పెట్టండి. ఆ వెంటనే, ఫోటో సరిపోతుందా లేక అసలు కాగితం కూడా దాచాలా అన్నది చెప్పండి. ఇది మీ ఆఫీసు ఆడిటర్లని అడిగి రాయాల్సిన మాట, ఊహించి రాసేది కాదు.

బిల్లు పోతే? చాలా మెయిళ్లు దీన్ని దాటేస్తాయి, చెబితే అలుసిచ్చినట్టు అవుతుందన్న భయంతో. కానీ చెప్పకపోతే జరిగేది ఏంటంటే, కొందరు క్లెయిమ్ పెట్టడమే మానేస్తారు, కొందరు మేనేజర్‌ని బతిమాలి పాస్ చేయించుకుంటారు, ఒకరికి అయిందని ఇంకొకరికి తెలిసి చిరాకు మొదలవుతుంది. ఏ మొత్తం వరకు రాతపూర్వక వివరణ చాలు, ఏడాదికి ఎన్నిసార్లు అన్నది బయటికే చెప్పేయండి.

నలుగురు కలిసి భోంచేస్తే బిల్లు ఎవరు పెట్టాలి అన్నది కూడా. ఆ నలుగురిలో అందరికంటే పై హోదాలో ఉన్నవాళ్లు కట్టి, వాళ్లే క్లెయిమ్ పెట్టాలన్నది చాలాచోట్ల ఉన్న పద్ధతి. కింది ఉద్యోగి కట్టి, అదే టేబుల్ దగ్గర కూర్చుని తిన్న మేనేజరే ఆ బిల్లు పాస్ చేస్తే, తన భోజనానికి తానే అనుమతి ఇచ్చుకున్నట్టవుతుంది. మీ దగ్గర ఈ నియమం ఉంటే కారణంతో సహా రాయండి, లేకపోతే జనానికి ఇదేదో వింతగా అనిపిస్తుంది.

గడువు: మొదలయ్యే రోజు, ఆగే రోజు

నా మెయిల్ దెబ్బతిన్నది ఇక్కడే కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. గడువు రాయడానికి నాలుగు సంగతులు కావాలి. ఏ రోజు నుంచి లెక్క మొదలవుతుంది? సెలవులు కలిపా, పనిదినాలేనా? ఏ పని చేస్తే గడువులో పెట్టినట్టు? దాటితే ఏమిటి?

ప్రయాణాలకి లెక్క ప్రయాణం ముగిసిన రోజు నుంచి పెట్టడం మంచిది. ఖర్చు పెట్టిన రోజు నుంచి పెడితే మూడు వారాల ప్రయాణంలో మొదటి రోజు క్యాబ్ బిల్లుకి గడువు తిరిగొచ్చిన తొమ్మిది పది రోజులకే అయిపోతుంది, ఒకే ప్రయాణానికి రెండు మూడు క్లెయిమ్‌లు పెట్టాల్సి వస్తుంది. మిగతా ఖర్చులకి బిల్లు తేదీ నుంచి చాలు. రెండింటికీ "సెలవు రోజులతో కలిపి 30 రోజులు" అని రాసి, పక్కనే ఒక లెక్క చూపించండి: జులై 3న ప్రయాణం ముగిస్తే చివరి రోజు ఆగస్టు 2. ఈ ఒక్క ఉదాహరణతో, తిరిగొచ్చిన రోజుని కలపాలా వద్దా అన్న సందేహం కూడా తీరిపోతుంది.

మూడో సంగతి ఎవరూ పట్టించుకోరు. క్లెయిమ్ ఉద్యోగి పెడతాడు, మేనేజర్ అప్రూవ్ చేస్తాడు, తర్వాత ఫైనాన్స్ చూస్తుంది. గడువు వీటిలో దేనికి? ఉద్యోగి సబ్మిట్ చేసిన రోజుకే అని రాయకపోతే, మేనేజర్ సెలవులో ఉన్నందుకు ఉద్యోగి డబ్బు పోతుంది. అలాగే ఫైనాన్స్ ఏదో వివరం అడిగి వెనక్కి పంపిన క్లెయిమ్‌కి మళ్లీ ఎన్ని రోజులు? "తిప్పి పంపిన రోజు నుంచి 7 రోజులు" లాంటిది ఒకటి ఉండాలి.

ఇంకొకటి, డబ్బు ఎప్పుడొస్తుంది. మనం వాళ్లకి గడువు పెడుతున్నాం, మన గడువు చెప్పకపోతే బాగోదు. జీతంతో కలిపి ఇచ్చేటట్టయితే నెలలో ఒక తేదీ తర్వాత ఆ నెల జీతాల లెక్క ముగుస్తుంది. ఆ తేదీ 20 అనుకుంటే, జులై 18న సబ్మిట్ చేసి, మేనేజర్ జులై 22న అప్రూవ్ చేసిన క్లెయిమ్ డబ్బు ఆగస్టు జీతంలో వస్తుంది. చూశారా, ఇక్కడ లెక్క అప్రూవ్ అయిన తేదీకి. గడువుకేమో సబ్మిట్ చేసిన తేదీ. రెండూ వేరని చెప్పకపోతే ప్రతి నెలా 21న మీకు ఫోన్లు తప్పవు.

ఇప్పుడు మెయిల్

పొగడ్తలతో, "ఉద్యోగుల సౌలభ్యం దృష్ట్యా" లాంటి మాటలతో మొదలుపెట్టకండి. ఏదైనా తగ్గించి ఉంటే అది పైనే చెప్పేయండి. తగ్గింపుని కింద దాచినా దాన్ని మొదట కనిపెట్టేది జనమే, ఆ తర్వాత మిగతా మెయిల్‌ని కూడా అనుమానంగానే చదువుతారు. నేను రాస్తే ఇలా ఉంటుంది:

> సబ్జెక్ట్: జులై 1 నుంచి ఖర్చుల క్లెయిమ్ నియమాలు మారుతున్నాయి, పాత బిల్లులకి చివరి తేదీ జులై 31
>
> అందరికీ నమస్కారం,
>
> జులై 1 నుంచి కొత్త రీయింబర్స్‌మెంట్ పాలసీ అమల్లోకి వస్తుంది. ముఖ్యమైన మార్పులు మూడు: హోటల్ లిమిట్ 4,500 నుంచి 4,000కి తగ్గింది, భోజనం లిమిట్ 600 నుంచి 800కి పెరిగింది, బిల్లులు పెట్టే గడువు 60 రోజుల నుంచి 30 రోజులకి తగ్గింది.
>
> ఎంత వరకు: హోటల్‌కి రాత్రికి 4,000, భోజనానికి రోజుకు 800, రెండూ పన్నులతో కలిపి. ఇవి గరిష్ఠ పరిమితులు, అయిన ఖర్చే ఇస్తాం. ఒక రోజు మిగిలింది మరో రోజుకి కలవదు. లిమిట్ దాటితే పై మొత్తం మీరే పెట్టుకోవాలి. ముందే మీ విభాగాధిపతి నుంచి మెయిల్‌లో అనుమతి తీసుకుంటే పై మొత్తం కూడా ఇస్తాం.
>
> ఏం జత చేయాలి: అమ్మినవాళ్ల పేరు, తేదీ, వివరాలు, మొత్తం ఉన్న బిల్లు, చెల్లించినట్టు ఆధారం. కార్డు స్లిప్పు ఒక్కటే, లేదా బుకింగ్ మెయిల్ ఒక్కటే పెడితే చెల్లదు. స్పష్టమైన ఫోటో చాలు. బిల్లు పోతే 300 వరకు రాతపూర్వక వివరణ ఇవ్వొచ్చు, ఏడాదికి రెండుసార్లు.
>
> ఎప్పటిలోగా: ప్రయాణం ముగిశాక 30 రోజుల్లోగా (జులై 3న ముగిస్తే ఆగస్టు 2 వరకు), మిగతా ఖర్చులకి బిల్లు తేదీ తర్వాత 30 రోజుల్లోగా, సెలవులతో కలిపి. మీరు సబ్మిట్ చేసిన తేదీయే లెక్క. వివరాల కోసం తిప్పి పంపితే ఆ రోజు నుంచి 7 రోజులు. గడువు దాటితే డబ్బు ఇవ్వలేం.
>
> డబ్బు ఎప్పుడు: నెలలో 20 లోపు అప్రూవ్ అయితే ఆ నెల జీతంతో, తర్వాతైతే వచ్చే నెల జీతంతో.
>
> పాతవి: జులై 1కి ముందు మొదలైన ప్రయాణాలకి పాత లిమిట్లే. జులై 1కి ముందు పెట్టిన ఖర్చుల బిల్లులు జులై 31లోగా పెట్టండి.

కింద పూర్తి పాలసీ లింకు, ప్రశ్నలు పంపాల్సిన ఒకే ఒక్క చోటు. "హెచ్‌ఆర్‌ని గానీ ఫైనాన్స్‌ని గానీ మీ మేనేజర్‌ని గానీ సంప్రదించండి" అంటే ముగ్గురూ మూడు జవాబులు చెప్తారు.

పంపే ముందు ఒకరికి చూపించండి, కానీ వివరించకండి

తరచూ ప్రయాణాలు చేసే ఒకరిని పట్టుకోండి. మెయిల్ చేతికిచ్చి "అర్థమైందా?" అని అడిగితే అయిందనే అంటారు. అలా కాకుండా ఒక ప్రయాణం చెప్పి లెక్క కట్టమనండి: జూన్ 29న వెళ్లి జులై 3న తిరిగొచ్చారు, నాలుగు రాత్రులు హోటల్, బిల్లు రాత్రికి 4,180. ఎంత వస్తుంది, చివరి తేదీ ఏది?

పై మెయిల్‌తో చేసి చూద్దాం. ప్రయాణం జులై 1కి ముందే మొదలైంది కాబట్టి పాత లిమిట్ 4,500, అంటే బిల్లు మొత్తం వస్తుంది, 16,720. ఇంతవరకు బాగుంది. తేదీల మధ్యలో లిమిట్ మార్చకుండా ప్రయాణం మొదలైన రోజుని పట్టుకున్నది ఇందుకే, హోటల్ ఒకే బిల్లు ఇస్తుంది, దాన్ని రాత్రులుగా కోసి రెండు లిమిట్లు వేయడం ఎవరికీ మంచిది కాదు. మరి చివరి తేదీ? ఇక్కడ నా మెయిల్ దొరికిపోయింది. జూన్ 29, 30 ఖర్చులు "జులై 1కి ముందు పెట్టినవి" కాబట్టి జులై 31. జులై 1, 2 రాత్రులు ఆ మాట కిందకి రావు, వాటికి ప్రయాణం ముగిశాక 30 రోజులు, ఆగస్టు 2. ఒకే హోటల్ బిల్లుకి రెండు గడువులు! పైగా జూన్ 20న పెట్టిన ఖర్చుకి పాత పాలసీ ప్రకారం ఆగస్టు 19 వరకు టైమ్ ఉండేది, దాన్ని జులై 31కి లాగేశాం. వాళ్లు ఖర్చు పెట్టినప్పుడు ఉన్న మాటని తర్వాత మార్చడం న్యాయం కాదు, ఎవరైనా గట్టిగా అడిగితే జవాబు ఉండదు.

కాబట్టి చివరి పేరా మారాలి: "జులై 1కి ముందు మొదలైన ప్రయాణాలకి, ముందు పెట్టిన ఇతర ఖర్చులకి లిమిట్, గడువు రెండూ పాతవే, అంటే 60 రోజులు." సబ్జెక్ట్ లైన్‌లోంచి జులై 31 కూడా తీసేయాలి, దాని బదులు "గడువు ఇక 30 రోజులు" అని పెట్టొచ్చు. నేనే రాసి, నాలుగుసార్లు చదివినా నాకు కనిపించనిది, లెక్క కట్టమంటే రెండు నిమిషాల్లో బయటపడింది.

మెయిల్ అమలు తేదీకి కనీసం రెండు వారాల ముందు వెళ్లాలి, ఎందుకంటే హోటళ్లు ముందే బుక్ చేసుకుంటారు. మేనేజర్లకి ఒకరోజు ముందు పంపండి, ప్రశ్నలు మొదట వెళ్లేది వాళ్ల దగ్గరికే.

పంపాక తప్పు దొరికితే అదే మెయిల్ కింద "వివరణ" అని ఇంకోటి, దాని కింద మరోటి అంటించుకుంటూ పోకండి. మూడో వివరణ వచ్చేసరికి ఏది చివరిదో ఎవరికీ తెలియదు. లింకు ఇచ్చిన పేజీలో సరిదిద్ది, పైన తేదీ వేసి, కొత్త మెయిల్‌లో పాత వాక్యం, కొత్త వాక్యం పక్కపక్కనే పెట్టి పంపండి. ఈలోగా ఎవరైనా పాత వాక్యం నమ్మి ఖర్చు పెట్టి ఉంటే, వాళ్ల బిల్లు దాని ప్రకారమే పాస్ చేస్తామని కూడా అందులోనే రాసేయండి.